పండగ సెలవుల తర్వాత టిఫిన్ సెంటర్ నోటీసు

పండగకు మూసిన చిన్న దుకాణం మళ్లీ తెరిచేటప్పుడు పెట్టే నోటీసుకు రెండు పనులుంటాయి. రోజూ వచ్చేవారిని ఆదరంగా పలకరించడం ఒకటి, ఏ రోజు నుంచి ఏమేం దొరుకుతాయో తేల్చి చెప్పడం రెండోది. పలకరింపు రాయడం సులువే. రాసిన తేదీకి మాట నిలబెట్టుకోవడమే కష్టం. ఈ కష్టం టిఫిన్ సెంటర్‌లో బాగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ తెల్లవారి ఆరు గంటలకు అమ్మే సరుకు పని ముందురోజే మొదలవ్వాలి.

హైదరాబాద్‌లో చాలా టిఫిన్ సెంటర్లను నడిపేది గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. యజమాని, దోసె మాస్టర్, గిన్నెలు కడిగే కుర్రాడు ముగ్గురిదీ ఒకే ఊరు కావడమూ మామూలే. అందుకే సంక్రాంతికి దుకాణం మొత్తంగా మూతపడుతుంది. ఇక్కడ రోజూ తినేవారిలో హాస్టల్ విద్యార్థులు, ఒంటరిగా ఉండే ఉద్యోగులు, క్యాబ్ డ్రైవర్లు, నెలవారీ కార్డు తీసుకున్నవారు ఉంటారు. వీళ్లలో కొందరు పండగకు ఊరెళ్లరు. మూసి ఉన్న వారం రోజులూ పక్క వీధిలో తింటారు. తెరిచే రోజు ముందుగా తెలిస్తేనే వాళ్లు తిరిగి ఇటు వస్తారు.

తేదీ ఎలా ఖాయం చేయాలి

2025 సంక్రాంతినే ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఏడు జనవరి 13 సోమవారం భోగి, 14 మంగళవారం సంక్రాంతి, 15 బుధవారం కనుమ, 16 గురువారం ముక్కనుమ. 11వ తేదీ శనివారం ఉదయం చివరి టిఫిన్ అమ్మి, 12న ఊరికి బయలుదేరే దుకాణం మళ్లీ ఎప్పుడు తెరవాలి?

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ మాటను పట్టించుకునే ఇళ్లలో 15న ప్రయాణం పెట్టుకోరు. ముక్కనుమ విందు ముగించుకుని 16 రాత్రి బస్సెక్కితే 17 శుక్రవారం ఉదయానికి హైదరాబాద్ చేరతారు. అలాంటప్పుడు చాలామంది నోటీసులో 18 అని రాసేస్తారు. ఆ తేదీ నిలుస్తుందా లేదా అన్నది బస్సు చేరే వేళ మీద, పిండి పులిసే వేళ మీద ఆధారపడుతుంది.

హోటల్ ఇడ్లీకి ఒక వంతు మినపగుళ్లకు రెండు వంతుల ఇడ్లీ రవ్వ వేస్తారు. మినపగుళ్లు కనీసం నాలుగు గంటలు నానాలి. రుబ్బి, రవ్వ కలిపాక పిండి పొంగాలి. వేసవిలో ఏడెనిమిది గంటల్లో పొంగే పిండికి జనవరి చలిలో 12 గంటలు, ఒక్కోసారి అంతకుమించి పడుతుంది. బస్సు సరిగ్గా ఏడింటికి చేరితే దుకాణం కడుక్కుని, పదింటికి పప్పు నానబోసి, రెండింటికి గ్రైండర్ వేసి, నాలుగింటికల్లా పిండి కలిపేయవచ్చు. తెల్లవారి ఆరుకు 14 గంటల వ్యవధి దొరుకుతుంది. ఇడ్లీ బాగా వస్తుంది.

పండగ తిరుగు ప్రయాణంలో బస్సు అంత సవ్యంగా చేరుతుందన్న నమ్మకం లేదు. విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మీద, చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌ప్లాజా వద్ద పండగ రోజుల్లో వాహనాలు బారులు తీరుతాయి. బస్సు మధ్యాహ్నం ఒంటిగంటకు చేరిందనుకుంటే, పప్పు మూడింటికి నానుతుంది, రుబ్బడం ఏడింటికి మొదలవుతుంది, పిండి కలిపేసరికి ఎనిమిదవుతుంది. తెల్లవారి ఆరుకు పది గంటలే. పాత్ర మూత తీస్తే పిండి పోసిన గీత దగ్గరే ఉంటుంది. పైన బుడగలుండవు, గరిటెతో కదిపితే బరువుగా కదులుతుంది, పులుపు వాసన రాదు. ఆ పిండితో వేసిన ఇడ్లీ చదునుగా, గట్టిగా దిగుతుంది. వారం తర్వాత ఆశగా వచ్చిన మనిషికి మొదటి ప్లేటే అలా పెట్టడం కన్నా ఆ రోజు ఇడ్లీ లేదని ముందే చెప్పడం మేలు.

ఈ చిక్కుకు రెండు దారులున్నాయి. తెరిచే రోజును 19 ఆదివారానికి జరపడం మొదటిది. రెండోది 18నే తెరిచి, పులవాల్సిన అవసరం లేని వాటితో మొదలుపెట్టడం. పెసలు రాత్రి నానబోసి తెల్లవారుజామున రుబ్బితే పెసరట్టు సిద్ధం. గారెల పిండి నానిన మినప్పప్పు రుబ్బిన వెంటనే వాడుకోవచ్చు. పూరీ పిండి, ఉప్మా అప్పటికప్పుడే తయారవుతాయి. బస్సు మధ్యాహ్నం చేరినా ఈ నాలుగూ ఆగవు. రెండో దారిలో ఒక రోజు అమ్మకం దక్కుతుంది, మాట కూడా దక్కుతుంది. అందుకు నోటీసులో ఒక్క వాక్యం అదనంగా రాస్తే చాలు.

తేదీ రాసేముందు చూసుకోవలసినది ఇంకొకటి ఉంది. ఊరెళ్లేముందే 19 కిలోల వాణిజ్య గ్యాస్ సిలిండర్ నిండుది ఒకటి ఉంచుకోవాలి. పాలపాకెట్లు వేసే మనిషికి తెరిచే రోజు చెప్పి ఉండాలి. సాధారణంగా ఈ రెండిటిలో ఏది మరచిపోయినా మొదటి ఉదయం ఆలస్యమవుతుంది.

ఏం రాయాలి

ఈ లెక్కలన్నీ అయ్యాక నోటీసు ఇలా ఉండవచ్చు:

నమస్కారం.
మీరంతా పండగ బాగా జరుపుకొన్నారని తలుస్తున్నాం.
మన టిఫిన్ సెంటర్ 18-01-2025, శనివారం ఉదయం 6 గంటలకు తెరుస్తున్నాం.
శనివారం: పెసరట్టు, ఉప్మా, పూరీ, గారె.
ఆదివారం నుంచి ఇడ్లీ, దోసె కూడా ఉంటాయి.
నెలవారీ కార్డు ఉన్నవారికి మూసిన 6 రోజులూ కలుపుతాం.
ఇన్నాళ్లూ ఓపిక పట్టినందుకు కృతజ్ఞతలు.

ఇందులో మొదటి రెండు వరుసలు పలకరింపు. పండగ దాటిపోయాక శుభాకాంక్షలు చెప్పడం కంటే పండగ ఎలా జరిగిందని తలచుకోవడం ఆ వేళకు తగిన మాట. మీరు అనే సంబోధన, చివర కృతజ్ఞత చాలు. విశేషణాలు పెరిగేకొద్దీ తేదీ కిందికి జారిపోతుంది, నడుస్తూ చూసేవారికి అందదు.

తేదీకి వారం జతచేయడానికి కారణముంది. పండగ సెలవుల్లో తేదీలు గుర్తుండవు, వారం గుర్తుంటుంది. ఒకటి తప్పు పడినా రెండోది పట్టిస్తుంది. రేపటి నుంచి అని రాసిన నోటీసు మర్నాటికి అబద్ధమైపోతుంది, అది ఎప్పుడు అంటించారో చూసేవారికి తెలియదు. 17 వరకు సెలవు అన్న మాటలోనూ చిక్కుంది. 17న తెరుస్తారా, 18న తెరుస్తారా అని ఇద్దరు రెండు రకాలుగా అర్థం చేసుకుంటారు. తెరిచే రోజు చెబితే ఈ సందేహం రాదు.

కార్డు గురించిన వరుస చిన్నదే అయినా, అందరికన్నా ముందు తిరిగి వచ్చేది ఆ కార్డులున్నవాళ్లే. జనవరి 31తో ముగిసే కార్డుకు 12 నుంచి 17 వరకు మూసిన ఆరు రోజులు కలిపితే అది ఫిబ్రవరి 6 దాకా చెల్లుతుంది. ఆ మాట నోటీసులోనే ఉంటే ఎవరూ కౌంటర్ దగ్గర నిలబడి అడగాల్సిన పని ఉండదు. అడగడానికి మొహమాటపడే విద్యార్థికి కూడా తన ఆరు రోజులు దక్కుతాయి.

కొత్త సంవత్సరంతో పాటు ధరలు పెంచే దుకాణాలున్నాయి. పెంచితే ఆ సంగతి అదే నోటీసులో పాత ధర, కొత్త ధర రెండూ వేసి రాయాలి. తిన్నాక బిల్లులో తెలిసే పెంపు ముందు రాసిన పలకరింపునంతా చెడగొడుతుంది.

ఎక్కడ, ఎలా అంటించాలి

సెలవు నోటీసుకు షట్టరే సరైన చోటు. తెరిచే నోటీసుకు మాత్రం అది పనికిరాదు. షట్టర్ ఎత్తగానే కాగితం దాంతోపాటే పైకి చుట్టుకుపోయి చిరుగుతుంది. కొన్ని గంటల తర్వాత వచ్చేవారికి ఏమీ కనిపించదు. పక్క గోడ, స్తంభం, కౌంటర్ అద్దం వీటిలో ఏదైనా బాగుంటుంది. ఎత్తు నిలబడిన మనిషి కంటి మట్టానికి ఉండాలి. షట్టర్ మీదున్న సెలవు నోటీసును తెరిచిన ఉదయమే పీకేయాలి. పాతది, కొత్తది పక్కపక్కనే ఉంటే జనం ఏది నమ్మాలో తెలియక వెనుదిరుగుతారు.

జనవరిలో మంచు కురుస్తుంది. నీటితో చెరిగే స్కెచ్ పెన్ రాత తెల్లారేసరికి కారిపోతుంది. పర్మనెంట్ మార్కర్ వాడాలి, లేదా కాగితానికి లామినేషన్ చేయించాలి. గోడ మీద దుమ్ము తుడిచి తడి ఆరాక టేపు వేస్తేనే అంటుకుంటుంది. తేదీ వరుస పది అడుగుల దూరం నుంచి చదవగలిగేలా అక్షరాలు సుమారు అంగుళం ఎత్తు ఉంటే చాలు. తెలుగు అక్షరాలకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ ఉదారంగా వదలాలి. లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిలో కలిసిపోతుంది.

డీటీపీ సెంటర్లో ప్రింట్ తీయించేవారు ఒక సంగతి గమనించాలి. ఫోన్‌లో టైప్ చేసి పంపిన తెలుగు అక్షరాలను పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే కొన్నిసార్లు వత్తులు విడిపోయి పక్కకు వస్తాయి, లేదా అక్షరాల చోట గడులు కనిపిస్తాయి. ప్రింట్ ఇచ్చేముందు తెర మీద ప్రతి వరుసా చదవాలి. ‘కృతజ్ఞతలు’లో జకారం కింది వత్తును, ‘పెసరట్టు’లో రెండో టకారాన్ని చూస్తే సాధారణంగా తెలిసిపోతుంది. తేదీ అంకెల్లో ఉంటే తెలుగు చదవలేని క్యాబ్ డ్రైవరు కూడా అంకెలు చూసి రోజు తెలుసుకుంటాడు.

అవే వరుసలు 17 సాయంత్రం వాట్సాప్ స్టేటస్‌గా పెట్టడం ఇప్పుడు మామూలైంది. గోడ మీద ఒక సమయం, స్టేటస్‌లో మరో సమయం ఉండకూడదు. నోటీసును ఫొటో తీసి అదే పెడితే ఈ తేడా రాదు. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం పేరు ఉన్నవారు మూసిన రోజుల్ని అక్కడ కూడా గుర్తించి ఉంచాలి. లేదంటే షట్టర్ దించి ఉన్నా తెరిచి ఉన్నట్టే చూపించి, దూరం నుంచి వచ్చేవారిని తిప్పలు పెడుతుంది.

బస్సు ఆలస్యమై మాట తప్పే పరిస్థితి వస్తే దిద్దడానికి కూడా పద్ధతి ఉంది. రాసిన తేదీ మీద గీత కొట్టి కొత్తది ఇరికించకూడదు. కొత్త కాగితం మీద కొత్త తేదీ, ఆలస్యానికి ఒక్క మాటలో కారణం రాసి పాతదాని స్థానంలో అంటించాలి, స్టేటస్ కూడా మార్చాలి. ఆదివారం ఇడ్లీ, దోసెలు మొదలై, కార్డుల లెక్క అందరికీ తెలిశాక ఈ నోటీసుతో పని అయిపోతుంది. మంగళవారానికల్లా తీసేయాలి. దాన్ని నెలల తరబడి ఉంచితే జనం ఆ గోడ వైపు చూడటం మానేస్తారు. ఉగాదికి పెట్టే కొత్త కాగితం ఎవరి కంటా పడదు.