ఐదు నానోసెకన్ల పసుపు దీపం

నాలుగు రోడ్ల కూడలిలో సిగ్నల్‌ను నడిపే కంట్రోలర్‌కు నాలుగు స్టేట్‌లు చాలు. ఉత్తర-దక్షిణ దారికి ఆకుపచ్చ, అదే దారికి పసుపు, తర్వాత తూర్పు-పడమర దారికి ఆకుపచ్చ, దానికి పసుపు. ఒక దారికి వీటిలో ఏది వెలుగుతున్నా రెండో దారికి ఎరుపే. ఎలక్ట్రానిక్స్ ఫైనలియర్ చదువుతున్న ఇద్దరు విద్యార్థులు ప్రాజెక్టు కోసం ఇలాంటి కంట్రోలర్‌నే ఎఫ్‌పీజీఏ బోర్డు మీద కట్టారు. ఎఫ్‌పీజీఏ అంటే లోపలి లాజిక్ గడులను మనం రాసిన ప్రకారం కలుపుకొనే చిప్. ఆకుపచ్చ 30 సెకన్లు, పసుపు 5 సెకన్లు. బోర్డు మీది 50 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో అది ఏ తేడా లేకుండా నడిచింది.

తర్వాత వాళ్లు అదే చిప్‌లో కెమెరా చూసే వాహనాలను లెక్కపెట్టే భాగాన్ని చేర్చారు. దానికి వేగం కావాలి. అందుకని చిప్‌లో క్లాక్‌ను హెచ్చించే పీఎల్‌ఎల్‌తో 200 మెగాహెర్ట్జ్ తయారుచేసి, సిగ్నల్ కంట్రోలర్‌ను కూడా దానికే తగిలించారు. సెకన్లలో మారే దీపాలకు అంత వేగంతో పనిలేదు గానీ, ఒకే క్లాక్ ఉంటే పని తేలికని అనుకున్నారు. అక్కడినుంచి దీపం అప్పుడప్పుడు ఆకుపచ్చ నుంచి పసుపు లేకుండానే ఎరుపులోకి దూకడం మొదలైంది. ఉదయం బోర్డు ఆన్ చేసిన కొత్తలో దాదాపు బాగానే ఉండేది, చిప్ వేడెక్కేకొద్దీ తప్పులు పెరిగేవి.

మొదటి అనుమానం టైమర్ మీదికి వెళ్లింది. ఆ టైమర్ క్లాక్ టిక్కులను లెక్కపెట్టే కౌంటర్. 50 మెగాహెర్ట్జ్ దగ్గర 30 సెకన్లంటే 150 కోట్ల టిక్కులు, 200 దగ్గర 600 కోట్లు. 32 బిట్ల కౌంటర్‌లో సుమారు 429 కోట్లకు మించి పట్టవు. కానీ కౌంటర్‌ను 33 బిట్లకు ముందే పెంచారు. పైగా చోటు చాలకపోతే ఆకుపచ్చ ఎనిమిదిన్నర సెకన్లకే ముగియాలి, ఇక్కడ మాత్రం 30 సెకన్లూ నిండుగా వెలుగుతోంది. టిక్కుల సంఖ్యలు తగ్గించి సిమ్యులేషన్ నడిపితే అక్కడ పసుపు ప్రతిసారీ వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. మామూలు సిమ్యులేషన్ లాజిక్‌కు జాప్యమే లేదని అనుకుంటుంది కాబట్టి జాప్యం వల్ల వచ్చే తప్పు అందులో కనబడదు.

స్టేట్‌నూ కౌంటర్ విలువనూ పట్టి ఉంచేవి ఫ్లిప్‌ఫ్లాప్‌లు. క్లాక్ టిక్కుమన్న ప్రతిసారీ ఒక్కో ఫ్లిప్‌ఫ్లాప్ తన ముందు ఏ విలువ ఉంటే దాన్ని పట్టుకుంటుంది. ఆ విలువ టిక్కుకు కొంచెం ముందే వచ్చి నిలకడగా ఉండాలి, ఈ వ్యవధినే సెటప్ టైమ్ అంటారు. అంటే ఒక టిక్కుకు మారిన విలువ మధ్యలోని గేట్లనూ తీగలనూ దాటుకుని, సెటప్ టైమ్ మిగిలేలా తర్వాతి టిక్కులోపు చేరాలి. 50 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ ప్రయాణానికి 20 నానోసెకన్లు ఉండేవి. 200కు వచ్చేసరికి ఐదే మిగిలాయి. గేట్లు మారలేదు, తీగలు మారలేదు, గడువు మాత్రం నాలుగో వంతుకు పడిపోయింది.

ఆలస్యమైన సిగ్నల్ ఒక స్టేట్‌నే ఎలా మింగేసిందో తెలియాలంటే వాళ్లు రాసిన వెరిలాగ్ కోడ్‌లో ఈ నాలుగు వరుసలు చూడాలి.

```verilog
assign done = (count >= limit);

if (done) count <= 0;
else      count <= count + 1;
if (done) state <= next_state;
```

కౌంటర్ గడువుకు చేరగానే `done` ఒకటవుతుంది. ఆ ఒక్క సిగ్నల్‌నే రెండు చోట్ల చదువుతున్నారు: ఒకచోట స్టేట్ ముందుకు జరగాలి, రెండోచోట కౌంటర్ సున్నా కావాలి. స్టేట్‌కు ఉన్నవి రెండే ఫ్లిప్‌ఫ్లాప్‌లు, దారి దగ్గర. కౌంటర్‌కు 33 ఉన్నాయి, అవి చిప్‌లో పొడుగ్గా పరుచుకుని ఉంటాయి. 33 బిట్ల పోలిక ముగించుకుని బయల్దేరిన `done` స్టేట్‌ను ఐదు నానోసెకన్లలోపు అందుకుంది, కౌంటర్ చివరి బిట్లను అందుకోలేకపోయింది. దాంతో స్టేట్ పసుపుకు మారింది గానీ కౌంటర్ పూర్తిగా చెరగలేదు.

ఇక్కడినుంచి లెక్క తేలికే. పసుపు గడువు 5 సెకన్లు, అంటే 100 కోట్ల టిక్కులు. 600 కోట్లను బైనరీలో రాస్తే 30వ బిట్టూ 32వ బిట్టూ ఒకట్లుగా ఉంటాయి (లెక్క సున్నా నుంచి). 30వ బిట్ విలువే 107 కోట్ల పైచిలుకు, 32వదాని విలువ 429 కోట్లు. ఈ రెండింట్లో ఏ ఒక్కటి చెరగకుండా మిగిలినా కౌంటర్ విలువ 100 కోట్లకు మించే ఉంటుంది. పసుపులోకి అడుగుపెట్టగానే `count >= limit` నిజమైపోతుంది, తర్వాతి టిక్కుకే స్టేట్ మళ్లీ ముందుకు జరుగుతుంది. ఈసారి `done` ఒకటిగా నిలబడి అప్పటికే ఒక టిక్కు దాటింది కాబట్టి కౌంటర్ కూడా సరిగ్గా సున్నా అవుతుంది. తర్వాతి ఆకుపచ్చ 30 సెకన్లూ వెలుగుతుంది, జరిగిన తప్పుకు గుర్తేమీ మిగలదు. నిజానికి పసుపు రాకపోలేదు, ఐదు నానోసెకన్లు వెలిగి పోయింది. దాన్ని పట్టుకోవడం కంటికి సాధ్యం కాదు. వేడెక్కిన చిప్‌లో గేట్లు నెమ్మదిస్తాయి కాబట్టి మధ్యాహ్నానికి తప్పులు పెరిగాయి.

ఇంత తప్పును సాఫ్ట్‌వేర్ ఎందుకు పట్టుకోలేదన్నది అసలు ప్రశ్న. చిప్‌లో ప్రతి దారికీ ఎంత జాప్యమో లెక్కగట్టి గడువుతో పోల్చి చూపే టైమింగ్ రిపోర్టును డిజైన్ సాఫ్ట్‌వేరే ఇస్తుంది. అయితే క్లాక్ ఎంతో దానికి చెప్పాలి. వాళ్ల ఫైల్‌లో 50 మెగాహెర్ట్జ్ క్లాక్ గురించి మాత్రమే రాసి ఉంది. పీఎల్‌ఎల్ నుంచి వచ్చే కొత్త క్లాక్‌ను లెక్కలోకి తెచ్చే `derive_pll_clocks` అనే ఒక్క వరుస లేదు. అందువల్ల 200 మెగాహెర్ట్జ్ మీద నడిచే దారులేవీ తనిఖీకి రాలేదు. హెచ్చరిక వచ్చింది గానీ అది వందల హెచ్చరికల మధ్య ఉండిపోయింది. ఆ వరుస చేర్చాక రిపోర్టులో ఎర్ర అక్షరాలు కనబడ్డాయి: `count` 32వ బిట్‌కు వెళ్లే దారికి 5.9 నానోసెకన్లు కావాలి, ఉన్నవి 5, లోటు 0.9. స్టేట్ దారికి 4.6 చాలు. రిపోర్టు వేడి చిప్‌ను, అందులోనూ నెమ్మదైనదాన్ని ఊహించి లెక్కగడుతుంది. చల్లని చిప్ అంతకన్నా చురుగ్గా ఉంటుంది కాబట్టే ఉదయం పూట తప్పు దాగింది.

మొదట చేసిన మరమ్మతు ఇంకో గొయ్యి తవ్వింది. `done`ను ఒక ఫ్లిప్‌ఫ్లాప్‌లో నిలిపి మర్నాటి టిక్కుకు వాడితే దారి పొట్టిదవుతుందని అనుకున్నారు. లోటు తీరింది గానీ, నిలిపిన `done` కౌంటర్ సున్నా అయ్యాక కూడా ఒక టిక్కు పాటు ఒకటిగానే ఉండి పసుపును ఈసారి తప్పకుండా దాటించేసింది. ఇది లాజిక్ తప్పు కావడంతో సిమ్యులేషన్‌లోనే బయటపడింది.

చివరికి టైమర్‌ను రెండు ముక్కలు చేశారు. ఒక కౌంటర్ 20 కోట్ల టిక్కులు లెక్కపెట్టి సెకనుకు ఒకసారి, ఒక్క టిక్కు నిడివి గల గుర్తునిస్తుంది. ఆ గుర్తు ఫ్లిప్‌ఫ్లాప్ నుంచి నేరుగా వస్తుంది. సెకన్లను లెక్కపెట్టే రెండో కౌంటర్‌కు ఐదు బిట్లు చాలు. స్టేటూ, ఈ చిన్న కౌంటరూ ఆ గుర్తు వచ్చినప్పుడే మారతాయి. పోలిక ఐదు బిట్లకు తగ్గడంతో దారి పొట్టిదైంది, 200 మెగాహెర్ట్జ్ దగ్గర కూడా గడువులో కొంత మిగిలింది.

రోడ్డు మీది కూడళ్లలో కంట్రోలర్ ఒక్కదాన్నే నమ్మి వదిలేయరు. అమెరికాలో సిగ్నల్ పెట్టెల్లో దీపాలకు వెళ్లే కరెంటును వేరే పరికరం ఒకటి కంట్రోలర్‌తో సంబంధం లేకుండా గమనిస్తుంటుంది. ఒకదానికొకటి అడ్డొచ్చే దారులకు ఒకేసారి ఆకుపచ్చ వచ్చినా, పసుపు 2.7 సెకన్లకన్నా తక్కువసేపు వెలిగినా, అది కంట్రోలర్‌ను పక్కనబెట్టి కూడలి మొత్తాన్ని మినుకుమినుకుమనే దీపాలకు మార్చేస్తుంది. సాంకేతిక సిబ్బంది వచ్చి సరిచేసేదాకా అలాగే ఉంచుతుంది.