చీరల వీడియోలో ఏ మాట అనాలి, ఏది మానాలి

ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలమ్మే చిన్న దుకాణం ఒకటి ఉందనుకోండి. ఆవిడ వీడియో చేస్తే "హాయ్ గయ్స్" అంటుంది. మరిది చేస్తే "మేడమ్" అంటాడు. పండగ ముందు లైవ్‌లో ఇద్దరూ "అక్కలూ, తొందరగా స్క్రీన్‌షాట్ తీయండి" అని మొదలుపెడతారు. చీర చేతికి రాకముందే డబ్బు పంపాల్సిన మనిషికి, ఎవరిని నమ్మి పంపుతోందో తెలియాలి కదా. అందుకే ముందు పిలుపు ఒకటి ఖాయం చేసుకోవాలి. చీరల కొట్టుకు "అండీ" బాగా నప్పుతుందని నా అభిప్రాయం. వయసుతో పని లేదు, గౌరవమూ ఉంటుంది.

తరవాత పాత వీడియోలు ఓ పది పెట్టుకుని, అన్న మాటలు అన్నట్టే కాగితం మీద రాయండి. ఏ చీరకైనా అతికే మాటల కింద గీత గీయండి. "సూపర్ క్వాలిటీ", "ప్రీమియం", "లుక్ అదిరిపోద్ది" అన్నీ అక్కడ తేలతాయి. ఇవి మానాల్సినవి. వీటికి బదులేం అనాలో చేతిలో ఉన్న చీరే చెబుతుంది.

పోచంపల్లినే తీసుకుందాం. ఇక్కత్‌లో నూలును ముందే ముడులు కట్టి రంగులద్ది, ఆ తరవాత నేస్తారు. అందుకే డిజైన్ రెండువైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. అదే డిజైన్‌ను గుడ్డ మీద అచ్చువేస్తే మామూలుగా వెనకవైపు వెలిసినట్టుంటుంది. కాబట్టి "ఒరిజినల్ పోచంపల్లి అండీ, గ్యారంటీ" అనే బదులు చీర తిరగేసి, "వెనకవైపు చూడండి, రంగు ఇలాగే ఉంది" అనండి. అచ్చు చీరైతే "పోచంపల్లి డిజైన్ ప్రింట్ అండీ, నేత కాదు, అందుకే ఈ ధర" అని మొదటి వాక్యంలోనే చెప్పేయాలి. చౌక చీర కావాల్సినవాళ్లు దాన్నే కొంటారు.

"రంగు అస్సలు పోదు" అన్నది మరో ప్రమాదకరమైన మాట. "మొదటి రెండుసార్లు విడిగా, చన్నీళ్లలో ఉతకండి" అంటే చాలు. "ఒక్కటే పీసుంది" అన్న మాట నిజంగా ఒక్కటే ఉన్నప్పుడే వాడాలి. మర్నాడు అదే చీర మళ్లీ వీడియోలో కనిపిస్తే, చూసినవాళ్లు ఊరికే పోరు, కింద కామెంట్లో అడుగుతారు.

యాస మాత్రం మార్చుకోనక్కర్లేదు. ఆవిడ గుంటూరు తెలుగు, మరిది నల్లగొండ తెలుగు మాట్లాడినా ఫరవాలేదు. పిలుపూ, చీర గురించి చెప్పే మాటలూ కలిస్తే చాలు. ఎక్కువగా తేడా వచ్చేది వాట్సాప్‌లో. వీడియోలో "అండీ" అన్నవాళ్లే పార్సిల్ ఆలస్యమైతే "వెయిట్ చేయండి" అని ఒక్క ముక్క పెడతారు. "నిన్న సాయంత్రం పంపామండీ, ట్రాకింగ్ నంబరు ఇదిగో. ఎల్లుండికీ రాకపోతే నేనే కొరియర్‌వాళ్లతో మాట్లాడతాను" అన్న జవాబును కూడా ఆ కాగితంలోనే రాసిపెట్టుకోవాలి.