నక్షత్రాలు మాయమైన పట్టిక

స్టాటిస్టిక్స్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల ముందు రిగ్రెషన్ పట్టిక పెడితే, కళ్లు ముందు నక్షత్రాల మీదికి పోతాయి, ఆ తర్వాత ఆర్-స్క్వేర్డ్ మీదికి. నక్షత్రాలు మూడున్నాయి, ఆర్-స్క్వేర్డ్ 75 శాతం దాటింది, ఇక గట్టెక్కినట్టే అనుకుంటారు. పరీక్ష మార్కులు చూసే అలవాటు అంత తొందరగా పోదు మరి.

ఆర్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే `mtcars` అనే డేటా ఉంది. 1974లో అమెరికాలోని మోటార్ ట్రెండ్ పత్రికలో వచ్చిన 32 కార్ల వివరాలవి. బరువును బట్టి మైలేజీ ఎలా మారుతుందని అడిగితే వచ్చే జవాబులో ముఖ్యమైన వరుసలు ఇవి:

```
summary(lm(mpg ~ wt, data = mtcars))

            Estimate Std. Error t value Pr(>|t|)
(Intercept)  37.2851     1.8776  19.858  < 2e-16 ***
wt           -5.3445     0.5591  -9.559 1.29e-10 ***
Multiple R-squared:  0.7528
```

చదవడం `Estimate` దగ్గర మొదలుపెట్టాలి. ఇక్కడ బరువును వెయ్యి పౌండ్లలో, అంటే సుమారు 454 కిలోలు ఒక లెక్కగా కొలిచారు. కాబట్టి -5.34 అంటే, ఒక కారు కంటే మరో కారు వెయ్యి పౌండ్లు ఎక్కువ తూగితే, గ్యాలన్‌కు సగటున 5.34 మైళ్లు తక్కువ ఇస్తుందని. పై వరుసలోని 37.29 బరువే లేని కారు మైలేజీ. అలాంటి కారు ఉండదు. గీత ఎక్కడ మొదలవుతుందో చెప్పే అంకె అది, అంతే. పక్కనున్న `Std. Error` ఈ అంచనాకు ఎంత ఊగిసలాట ఉందో చెబుతుంది. ఇలాంటివే వేరే 32 కార్లు తీసుకుంటే -5.34 కాస్త అటూ ఇటూ జరుగుతుంది కదా, ఆ జరగడం మామూలుగా 0.56 మేర ఉంటుందన్నమాట.

చివరి గడిలోని పి-విలువ 1.29 కాదు. `e-10` అంటే దశాంశ బిందువును పది స్థానాలు ఎడమకు జరపాలి: 0.000000000129. బరువుకూ మైలేజీకీ నిజానికి ఏ సంబంధమూ లేకపోయినా, ఇంత వాలు, లేదా ఇంతకంటే ఎక్కువ వాలు, కేవలం యాదృచ్ఛికంగా కనబడే అవకాశం అంత తక్కువ. సంబంధం ఎంత పెద్దదో పి-విలువ చెప్పదు.

ఆర్-స్క్వేర్డ్ 0.75 అన్నప్పుడు నూటికి 75 కార్ల మైలేజీ సరిగ్గా చెప్పగలమని కాదు. కార్ల మైలేజీల్లో ఉన్న హెచ్చుతగ్గుల్లో నాలుగింట మూడు వంతులు బరువు తేడాలతో కలిసి నడుస్తున్నాయని అర్థం.

ఇప్పుడు ఇంజన్ హార్స్‌పవర్‌ను (`hp`) కూడా చేర్చి మళ్లీ అడిగితే బరువు గుణకం -5.34 నుంచి -3.88కి తగ్గుతుంది. కార్లు అవే, తప్పేమీ జరగలేదు. బరువైన కార్లకు ఇంజన్లూ పెద్దవే కాబట్టి, మొదటి పట్టికలో ఇంజన్ వల్ల కలిగిన నష్టంలో కొంత బరువు ఖాతాలో పడింది. రెండో పట్టికలోని -3.88 హార్స్‌పవర్ సమానంగా ఉన్న కార్ల మధ్య తేడా. అంటే ప్రశ్నే మారింది. హార్స్‌పవర్ గుణకం -0.032 చూసి చాలామంది కొట్టిపారేస్తారు. అది ఒక్క హార్స్‌పవర్‌కు లెక్క. వంద తేడా ఉంటే మైలేజీ మూడు మైళ్లకు పైనే పడిపోతుంది.

ఎన్ని వివరాలు చేరిస్తే అంత మంచిదనిపిస్తుంది కదా. డేటాలో ఉన్న మిగతా వివరాలన్నీ, మొత్తం పది, చేర్చి చూద్దాం. ఆర్-స్క్వేర్డ్ 0.869కి పెరుగుతుంది. ఒక్క వివరం పక్కనా నక్షత్రం కనబడదు. వాటన్నిటిలో తక్కువ పి-విలువ బరువుదే, అదీ 0.063. మామూలుగా గీసుకునే 0.05 గీతకు పైన.

అయితే బరువుకు సంబంధం లేదని తేలినట్టా? `Estimate` గడి చూడండి: -3.72. రెండో పట్టికకు దాదాపు అదే. మారింది దాని పక్క గడి. 0.63గా ఉన్న `Std. Error` 1.89 అయింది, మూడింతలు. బరువు, హార్స్‌పవర్, సిలిండర్లు, ఇంజన్ పరిమాణం అన్నీ కలిసే పెరిగేవి. నలుగురు కలిసి ఎత్తిన బస్తాలో ఎవరు ఎంత మోశారో చెప్పమంటే ఎలా ఉంటుందో, 32 కార్లతో వీటిని విడదీయమంటే అలాగే ఉంటుంది. బస్తా లేచిన మాట మాత్రం నిజమే: పది వివరాలనూ కలిపి పరీక్షించి, పట్టిక అట్టడుగు వరుసలో ఇచ్చే పి-విలువ `3.793e-07`.

ఆర్-స్క్వేర్డ్ పెరగడంలో గొప్పేమీ లేదు. పనికిరాని వివరం చేర్చినా అది తగ్గదు. అందుకే దాని పక్కనే `Adjusted R-squared` ఉంటుంది. చేర్చిన ప్రతి వివరానికీ అది కొంత కోత వేస్తుంది. రెండు వివరాలున్నప్పుడు 0.815గా ఉన్న ఆ అంకె పదింటికి 0.807కి దిగింది.