ఐదో నెలలో, నొప్పులు రాకుండానే

ఆ అమ్మాయి ఫైలు తెరవకుండా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. ఇరవయ్యారేళ్ళుంటాయి. పక్కన అత్తగారు. ఎనిమిది నెలల కిందట 20 వారాల గర్భం పోయింది. ఆ ఫైలులో అప్పటి ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కాగితం ఒక్కటే ఉంది. గర్భస్రావం, 20 వారాలు అని మాత్రం రాశారు. మొదట ఏమైంది, లోపల పరీక్ష చేస్తే ఏం కనిపించింది అన్నది ఒక్క అక్షరం లేదు.

"నీళ్ళ బిందె ఎత్తింది మేడమ్. నేను వద్దంటూనే ఉన్నాను," అంది అత్తగారు. ఆ అమ్మాయి తల దించుకుంది.

"నొప్పులు ముందొచ్చాయా, ఉమ్మనీరు ముందు పోయిందా?" అని అడిగాను.

"నొప్పులే రాలేదు మేడమ్. రెండు రోజులు కింద బరువుగా అనిపించింది. నీళ్ళలా తెల్లబట్ట ఎక్కువైంది. ఐదో నెల కదా, మామూలేలే అన్నారందరూ. ఆ రాత్రి బాత్రూంకి వెళ్తే ఏదో జారినట్టయింది. చేత్తో తడిమితే బుడగలా తగిలింది. ఆసుపత్రికి వెళ్ళిన గంటకే అయిపోయింది. పాప కాసేపు కదిలింది."

ఎన్ని పరీక్షలు చేయించినా తెలియని సంగతి ఆ నాలుగు మాటల్లోనే ఉంది. గర్భసంచి అడుగున, యోనిలోకి దిగి ఉండే మెడలాంటి భాగాన్ని గర్భసంచి మూతి అంటాం. మామూలుగా ఐదో నెలలో అది మూడున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది. గట్టిగా ముడుచుకుని, మధ్యలో చిక్కటి జిగురుతో మూసుకుపోయి ఉంటుంది. నెలలు నిండాక, నొప్పుల ఒత్తిడికి అది మెత్తబడి, పొట్టిదై, తెరుచుకోవాలి. కొందరిలో మాత్రం నొప్పుల పిలుపు లేకుండానే, నాలుగో నెల చివర నుంచి ఆరో నెల లోపు, పెరుగుతున్న బరువుకే అది తెరుచుకోవడం మొదలుపెడుతుంది. తెరుచుకునేది పైనుంచి కిందికి. లోపలి అంచు ముందు విచ్చుకుని గరాటులా అవుతుంది. ఉమ్మనీటి సంచి ఆ గరాటులోకి జారుతుంది. అడ్డుగా ఉన్న జిగురు పోతుంది, యోనిలోని సూక్ష్మజీవులు సంచిని తాకుతాయి. అక్కణ్ణుంచి నష్టం గంటల్లో జరిగిపోతుంది. బిడ్డలో ఏ లోపమూ ఉండదు. అందుకే ఈ బాధ తల్లులకు అంతగా గుచ్చుకుంటుంది.

బిందె సంగతి ఆ రోజే తేల్చేశాను. ఈ మూతిలో కండ చాలా తక్కువ, ఎక్కువ భాగం నార. బరువు ఎత్తితే తెగదు, వ్యాయామం చేస్తే బలపడదు. కొందరికి పుట్టుకతోనే ఆ నార పలచన. గర్భసంచి ఆకారంలో తేడా ఉన్నవాళ్ళు కొందరు. మూతి మీద క్యాన్సర్ ముందు దశకు చికిత్సగా కొంత ముక్క తీయించుకున్నవాళ్ళు, ఒకటికి రెండుసార్లు డి అండ్ సి జరిగినవాళ్ళు, గత కాన్పులో మూతి చిరిగినవాళ్ళు ఇంకొందరు. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. ఈ అమ్మాయికీ దొరకలేదు. మెట్లెక్కడం, స్కూటరు, బొప్పాయి ఈ లెక్కలో ఎక్కడా లేవు.

అయితే ఐదో నెలలో పోయిన ప్రతి గర్భమూ మూతి బలహీనతే కాదు. ముందు జ్వరం, దుర్వాసన ఉంటే ఇన్ఫెక్షన్‌ను అనుమానిస్తాం. ముందు రక్తస్రావం అయితే మావి విడిపోయిందేమో చూడాలి. గుండె ఆగిపోయిన బిడ్డ బయటికి రావడం పూర్తిగా వేరే కథ. గర్భం లేనప్పుడు మూతి బలం కొలిచే నమ్మకమైన పరీక్ష ఏదీ లేదు కాబట్టి, జరిగిన క్రమమే మాకు ఆధారం. అది ఆ కాగితం మీద ఉండాల్సింది. ఇలా నష్టపోయినవాళ్ళు డిశ్చార్జి ముందే అడిగి రాయించుకోండి: నొప్పులు ఉన్నాయా లేవా, వచ్చేసరికి మూతి ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకుంది, సంచి బయటికి ఉబ్బి ఉందా, బిడ్డ బతికి ఉందా.

మళ్ళీ గర్భం నిలిచాక 9 వారాలకు వచ్చింది. "ఈసారి కుట్టు వేసేయండి మేడమ్," అంది కూర్చోకముందే. మూడు, అంతకు మించి ఇలాగే పోయి ఉంటే 12 నుంచి 14 వారాల మధ్య, మొదటి స్కాన్‌లో బిడ్డ బాగుందని చూశాక, వెంటనే వేసేదాన్ని. ఆమెకు పోయింది ఒక్కటి. కథ స్పష్టంగా ఉంది కాబట్టి కొందరు వైద్యులు అప్పుడే వేస్తారు, అది తప్పు కాదు. నేను మాత్రం కొలుస్తూ చూద్దామన్నాను. ఎందుకంటే, బ్రిటన్ వైద్యుల ఆధ్వర్యంలో 1,292 మంది మీద జరిగి 1993లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, 33 వారాలకు ముందే కాన్పు అయినవారు కుట్టు వేసినవాళ్ళలో నూటికి 13 మంది, వేయనివాళ్ళలో 17 మంది. అంటే అనుమానం మీద పాతికమందికి కుట్టు వేస్తే ఒక్కరికి మేలు. మిగతా ఇరవై నలుగురికి మత్తు, ఆపరేషన్ అవసరం లేకుండా జరిగినట్టే. రెండు వారాలకోసారి కొలిస్తే సగానికి పైగా మందికి మూతి పొడవు తగ్గదు, కుట్టూ అక్కర్లేదు.

కొలత ఎలా తీశారన్నది ముఖ్యం. టిఫా స్కాన్‌లో పొట్ట మీద నుంచి చూసి రాసిన అంకెను నేను నమ్మను. నిండిన మూత్రాశయం మూతిని నొక్కి సాగదీస్తుంది. పొట్టిగా ఉన్నది పొడుగ్గా కనిపిస్తుంది. మూత్రానికి వెళ్ళొచ్చాక, యోని ద్వారా చేసే స్కాన్‌లో, కొన్ని నిమిషాలు ఓపిగ్గా చూసి, వచ్చిన కొలతల్లో అన్నిటికంటే చిన్నది రాయాలి. ఆ స్కాన్ బిడ్డకు తగలదు, గర్భం పోవడానికి కారణం కాదు. ఆ భయంతోనే వద్దనేవాళ్ళు ఇప్పటికీ చాలామంది ఉన్నారు.

16 వారాలకు ఆమెకు 34 మిల్లీమీటర్లు. 18కి 29. అప్పటి నుంచి వారం వారం రమ్మన్నాను. 20 వారాలకు 21 వచ్చింది, పైన గరాటు కనిపించింది. ఆ అమ్మాయికి ఏ ఇబ్బందీ లేదు, హాయిగా నడిచి వచ్చింది. ఒక గర్భం ఇలా పోయి, ఈసారి 24 వారాల లోపు 25 మిల్లీమీటర్ల కంటే తగ్గిందంటే కుట్టుకు అదే సమయం. ఇలాంటి తల్లుల మీద జరిగిన అయిదు అధ్యయనాలను కలిపి చూస్తే, 35 వారాలకు ముందే కాన్పు అయినవారు కుట్టు లేనివాళ్ళలో నూటికి 41 మంది, వేసినవాళ్ళలో 28 మంది. గ్యారంటీ కాదని ఆమెకు ఆ అంకెలతోనే చెప్పాను.

మర్నాడు పొద్దున నడుముకు మత్తు ఇచ్చి కుట్టు వేశాం. అరగంట కూడా పట్టలేదు. అంతకుముందు ఇన్ఫెక్షన్ లేదని, నొప్పులు, రక్తస్రావం లేవని, సంచి చెక్కుచెదరలేదని చూసుకున్నాం. వీటిలో ఏది ఉన్నా కుట్టు వేయకూడదు. మూతి చుట్టూ, వీలైనంత పైన, నాలుగైదు చోట్ల సూది గుచ్చి, సంచీ మూతికి నాడా బిగించినట్టు బిగించి ముడి వేస్తాం. తర్వాత తీయడానికి కొసలు కొంచెం పొడవుగా వదులుతాం. ఇది మెల్‌బోర్న్ వైద్యుడు ఇయాన్ మెక్‌డొనాల్డ్ 1957లో చెప్పిన పద్ధతి. అంతకు రెండేళ్ళ ముందే, 1955లో, బొంబాయి వైద్యుడు విఠల్ నగేశ్ శిరోద్కర్ తన పద్ధతిని ప్రకటించారు. ఆయన తొడ కండరం మీద పొరలోంచి తీసిన పట్టీని మూతి చుట్టూ కట్టేవారు. ఆ వ్యాసం అచ్చయింది ఏ విదేశీ పత్రికలోనో కాదు, మద్రాసు నుంచి వచ్చే 'యాంటీసెప్టిక్' అనే వైద్య పత్రికలో. ప్రపంచమంతా ఇవాళ్టికీ శిరోద్కర్ కుట్టు అనే అంటుంది.

మూడో రోజు ఇంటికి పంపుతుంటే అత్తగారు, "ఇక మంచం దిగనివ్వను మేడమ్," అంది. దించమన్నాను. మంచాన పడుకోబెడితే గర్భం నిలుస్తుందన్నది ఏ అధ్యయనంలోనూ తేలలేదు. నెలల తరబడి కదలకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం నిజం. వంట చేసుకోవచ్చు, తిరగొచ్చు. చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి: నీళ్ళు కారడం, రక్తం కనిపించడం, జ్వరం, వాసన, పొట్ట బిగుసుకుపోవడం. కుట్టు మూతిని పట్టుకుంటుందే గానీ నొప్పులను ఆపదు. నొప్పులు వస్తున్నా కుట్టు అలాగే ఉంటే మూతి చిరిగిపోతుంది. కాబట్టి అర్ధరాత్రి అయినా రావాల్సిందే.

గతంలో ఇలా నష్టపోనివాళ్ళకు స్కాన్‌లో మూతి పొట్టిగా కనిపిస్తే, సాధారణంగా ముందు కుట్టు కాదు, ప్రొజెస్టిరాన్. రాత్రి పడుకునే ముందు 200 మిల్లీగ్రాముల మాత్ర యోనిలో పెట్టుకోవాలి. వారానికోసారి వేసే ప్రొజెస్టిరాన్ రకపు ఇంజెక్షన్ మన దగ్గర ఇంకా రాస్తున్నారు. పెద్ద అధ్యయనంలో మేలు తేలక అమెరికాలో 2023లో దాని అనుమతి వెనక్కి తీసుకున్నారు. కవలలున్నవాళ్ళకు స్కాన్‌లో పొట్టిగా ఉందన్న ఒక్క కారణంతో కుట్టు వేస్తే మేలు రుజువు కాలేదు.

మూతి అప్పటికే తెరుచుకుని సంచి కనిపిస్తున్నా, 24 వారాల లోపైతే దారి పూర్తిగా మూసుకుపోలేదు. కాసేపు గమనించి, నొప్పులు, ఇన్ఫెక్షన్ లేవని తేలితే సంచిని మెల్లగా లోపలికి తోసి కుట్టు వేస్తాం. సగటున నెల పైచిలుకు కలిసొస్తుంది. అయితే 20 వారాలకు ఆ నెల కలిపితే వచ్చేది 25 వారాల పసికందు. ఎన్ఐసీయూలో నెలలు, ఆ తర్వాతా సమస్యలు ఉండొచ్చు. ఇది దాచకుండా తల్లిదండ్రులకు చెప్పాకే కుట్టుకు సంతకం పెట్టించుకోవాలని నా పట్టుదల. కింది నుంచి వేసిన కుట్టు ఉన్నా గర్భం పోయినవాళ్ళకు, గర్భం రాకముందో తొలి నెలల్లోనో పొట్ట తెరిచి మూతి పైభాగాన కట్టే కుట్టు ఉంది. బ్రిటన్‌లో 2020లో వెలువడిన అధ్యయనంలో, అలాంటి తల్లుల్లో 32 వారాలకు ముందు కాన్పు అయినవారు పైకుట్టుతో నూటికి 8 మంది, మళ్ళీ కిందినుంచే వేసినప్పుడు 33 మంది. పైకుట్టు ఉన్నవాళ్ళకు కాన్పు సిజేరియనే.

ఆ అమ్మాయికి 37 వారాలకు కుట్టు తీశాను. ఓపీలోనే, మత్తు లేకుండా, అయిదు నిమిషాల పని. తీసిన వెంటనే బిడ్డ జారిపోతుందేమోనని బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. అలా జరగదు, చాలామందికి ఆ తర్వాత వారం, రెండు వారాలు గడుస్తుంది. ఆమెకు తొమ్మిదో రోజు నొప్పులొచ్చాయి. మామూలు కాన్పు, ఆడపిల్ల, రెండు కిలోల ఏడువందలు.

కుట్టు తీసిన రోజు అత్తగారు అది చూపించమంది. అర సెంటీమీటరు వెడల్పున్న తెల్లటి నాడా, కొంచెం పసుపు తిరిగింది. ట్రేలో దాన్ని చాలాసేపు చూసి, "ఇంతేనా మేడమ్?" అని, కోడలి చెప్పులు తానే వంగి అందించింది.