ఒకే కాలమ్‌కి రెండు పర్సంటైళ్లు ఎందుకొస్తాయి?

నెలాఖరు మీటింగుల్లో తరచూ రేగే తగవు ఇది. ఒక డెలివరీ సంస్థ ఉందనుకుందాం. ఆర్డర్ పెట్టిన దగ్గర్నుంచి సరుకు గుమ్మం చేరేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో ఒక కాలమ్‌లో నమోదవుతుంది. నెలకు 14 లక్షల వరసలు. డేటా టీమ్ వాళ్లు స్పార్క్ మీద నడిచే వేర్‌హౌస్‌లో క్వెరీ వేసి, 95వ పర్సంటైల్ 46 నిమిషాలన్నారు. అంటే నూటికి 95 ఆర్డర్లు 46 నిమిషాల్లోపే చేరాయని. ఫైనాన్స్ విభాగంలో ఒకాయన అదే కాలమ్‌ని ఎక్సెల్‌లోకి దించుకుని చూస్తే 41 వచ్చింది. క్వెరీలో `percentile_approx` అనే ఫంక్షన్ కనబడగానే ఆయన తీర్పు చెప్పేశాడు: ‘మీది ఉజ్జాయింపు, మాది కచ్చితం. కాబట్టి 41 ఖాయం.’

తీర్పు సహజంగానే ఉంది. కానీ తొందరపాటు తీర్పు. ‘కచ్చితమైన పర్సంటైల్’ అనేది ఒక్కటే ఉందనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. పది ఆర్డర్ల చిన్న పట్టిక తీసుకుందాం. నిమిషాలు ఇవి: 18, 21, 22, 24, 25, 27, 29, 31, 38, 96. వీటిలో 90వ పర్సంటైల్ ఎంత? ఎక్సెల్‌లో `PERCENTILE.INC` వేస్తే 43.8 వస్తుంది. పక్కనే ఉన్న `PERCENTILE.EXC` వేస్తే 90.2. డేటాబేస్‌లో `PERCENTILE_DISC` వేస్తే 38. మూడింటిలో ఏదీ ఉజ్జాయింపు కాదు, మూడూ లెక్క ప్రకారం సరైనవే.

తేడా నిర్వచనంలో ఉంది. మొదటిది 9.1వ స్థానాన్ని వెతుకుతుంది. అలాంటి స్థానం లేదు కాబట్టి తొమ్మిదో విలువ 38కి, పదో విలువ 96కి మధ్య పదో వంతు దూరం నడిచి 43.8 దగ్గర ఆగుతుంది. రెండోది 9.9వ స్థానాన్ని వెతుకుతుంది, అందుకే దాదాపు 96 దాకా వెళ్లిపోతుంది. మూడోది మధ్యలో ఎక్కడా ఆగదు, కాలమ్‌లో నిజంగా ఉన్న విలువనే ఇస్తుంది. హిండ్‌మన్, ఫాన్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1996లో సాఫ్ట్‌వేర్లు వాడే ఇలాంటి నిర్వచనాలను లెక్కపెడితే తొమ్మిది తేలాయి. అయితే లక్షల వరసలున్నప్పుడు ఈ గొడవ దాదాపు మాయమవుతుంది. పక్కపక్క స్థానాల్లో ఒకే విలువ ఉంటుంది కాబట్టి ఎక్కడ ఆగినా 46కీ 46కీ మధ్యే ఆగుతారు. 46కీ 41కీ ఉన్న తేడాకు నిర్వచనం కారణం కాదన్నమాట.

మరి ఉజ్జాయింపు? వేర్‌హౌస్ అసలు ఆ దారి ఎందుకు పట్టిందో ముందు చూడాలి. మొత్తం కావాలంటే ఇరవై మెషీన్లు ఎవరి వాటా వాళ్లు కూడి, చివర్లో ఇరవై అంకెలు కలిపితే చాలు. పర్సంటైల్ అలా కుదరదు. ఇరవై మధ్యస్థాల నుంచి అసలు మధ్యస్థం రాదు. కచ్చితంగా కావాలంటే విలువలన్నీ ఒకచోటికి చేర్చి వరసలో పెట్టాలి. కోట్ల వరసల మీద అది ఖరీదైన పని. అందుకని ప్రతి మెషీన్ తన వాటాకు ఒక చిన్న సారాంశం తయారుచేస్తుంది, ఆ సారాంశాలను కలుపుతారు. స్పార్క్ వాడే పద్ధతికి మూలం 2001లో గ్రీన్‌వాల్డ్, ఖన్నా ప్రతిపాదించిన అల్గారిథమ్. స్నోఫ్లేక్‌లో `APPROX_PERCENTILE` వెనక ఉన్నది టీ-డైజెస్ట్ అనే మరో పద్ధతి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిందల్లా ఒకటే. స్పార్క్ ఇచ్చే హామీ విలువ మీద కాదు, స్థానం మీద. అదనంగా ఏమీ చెప్పకపోతే స్పార్క్ తప్పు పదివేలలో ఒక వంతుకు మించదు. ఇది వినగానే ‘46లో పదివేలో వంతు’ అనుకుంటారు చాలామంది. కాదు, వరసల్లో పదివేలో వంతు. 14 లక్షల వరసల్లో 95వ పర్సంటైల్ 13,30,000వ స్థానం. స్పార్క్ దానికి అటూ ఇటూ 140 స్థానాల్లోపు ఉన్న ఏదో ఒక విలువను తెచ్చిస్తుంది.

ఎంసెట్ ర్యాంకులు చూసిన ఇంట్లో దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. మధ్య ర్యాంకుల్లో 140 స్థానాలు జరిగినా మార్కు కదలదు. పైన మొదటి 140 ర్యాంకుల్లో అదే జరుగుడు ఎన్ని మార్కుల తేడా తెస్తుందో చెప్పలేం. మన కాలమ్‌లోనూ అంతే. 46 నిమిషాల దగ్గర వేల ఆర్డర్లు కిక్కిరిసి ఉన్నాయి, 140 స్థానాలు అటూ ఇటూ అయినా జవాబు 46 నుంచి జరగదు. కానీ ఎవరో 99.99వ పర్సంటైల్ అడిగారనుకోండి. అది 13,99,860వ స్థానం. దానికి 140 కలిపితే సరిగ్గా 14,00,000, అంటే కాలమ్‌లో చివరి విలువ. దారి తప్పి ఎనిమిది గంటలకు చేరిన ఒకే ఒక్క ఆర్డర్‌ని చూపించినా ఫంక్షన్ మాట తప్పినట్టు కాదు! అంత చివరి అంచులు కావాలంటే మూడో విలువగా `100000` ఇచ్చి తప్పును పదో వంతుకు తగ్గించుకోవాలి, లేదా కచ్చితమైన ఫంక్షన్‌కే వెళ్లాలి. టీ-డైజెస్ట్ ఈ బలహీనతను దృష్టిలో పెట్టుకుని చేసింది. విలువలను గుంపులు చేసేటప్పుడు మధ్యలో పెద్ద గుంపులు, రెండు చివర్లా చిన్న గుంపులు కడుతుంది.

మధ్యలో ఖాళీ ఉన్న కాలమ్ మరో ఉచ్చు. కొన్ని సరుకులు గంటలో, మిగతావి మర్నాడు చేరే దుకాణంలో 95 శాతం గీత సరిగ్గా ఆ రెంటి మధ్య పడితే, కొన్ని స్థానాల జరుగుడుకే జవాబు 60 నిమిషాల నుంచి 1,000కి దూకుతుంది.

ఇక తగవు తేల్చే పని. రెండు జవాబుల్లో దేన్ని నమ్మాలో వాదించుకోనక్కర్లేదు, కాలమ్‌నే అడగొచ్చు. పర్సంటైల్ కట్టడం కష్టం గానీ సరిచూడటం తేలిక. ఒక విలువ కంటే తక్కువ ఎన్ని, దాంతో కలిపి ఎన్ని అని లెక్కపెడితే చాలు.

```sql
SELECT
  SUM(CASE WHEN mins < 46 THEN 1 ELSE 0 END) / COUNT(mins) AS below,
  SUM(CASE WHEN mins <= 46 THEN 1 ELSE 0 END) / COUNT(mins) AS upto
FROM deliveries;
```

`below` 0.944, `upto` 0.952 వచ్చాయనుకోండి. 0.95 ఆ రెంటి మధ్య ఉంది కాబట్టి 46 సరైన జవాబే. ఇప్పుడు 46 బదులు 41 పెట్టి చూస్తే `upto` 0.921 దగ్గరే ఆగిపోయింది. 0.95కి ఇంకా 0.029 తక్కువ, అంటే 40,600 వరసల దూరం. 140 స్థానాల హామీ ఉన్న ఫంక్షన్‌పై అంత తేడా మోపలేం.

అయితే ఎక్సెల్ లెక్క తప్పిందా? లేదు. ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరసలకు మించి పట్టవు. శీర్షిక వరస పోగా 10,48,575. ఫైలు తెరిచినప్పుడు మిగతా 3,51,425 వరసలు షీట్‌లోకి రాలేదు. ఆ హెచ్చరిక వచ్చినా సరే అని నొక్కేసి ముందుకెళ్లడం మామూలే. ఫైలు తేదీల వారీగా ఉంది కనుక నెలలో చివరి వారమంతా పోయింది. వానలు కురిసి డెలివరీలు ఆలస్యమైన వారం అదే. లెక్క కచ్చితమే, కాలమ్ సగం తెగినదైంది.

అందుకని తేడా కనబడగానే ముందు రెండు వైపులా వరసల సంఖ్య సరిపోల్చండి. ఖాళీ గడులను ఎవరైనా సున్నాలుగా మార్చారేమో చూడండి. ఖాళీలను రెండు వైపులా లెక్కలోకి తీసుకోరు, సున్నాలను తీసుకుంటారు. అవి సరిపోయాకే ఫంక్షన్ సంగతి. ఆలస్యానికి జరిమానా కట్టే ఒప్పందాల్లాంటి చోట రూపాయలు చేతులు మారతాయి కాబట్టి ఉజ్జాయింపు వద్దు. స్పార్క్‌లోనే `percentile(mins, 0.95)` అనే కచ్చితమైన ఫంక్షన్ ఉంది. వరసలు ఒకటే అయితే అది ఎక్సెల్ `PERCENTILE.INC` ఇచ్చే జవాబే ఇస్తుంది.