ఫోన్ చూశాక పది నిమిషాలు

పెళ్లయి రెండేళ్లయిన జంటను అనుకుందాం. రాత్రి పదకొండున్నరకు ఆమె హాల్లో కూర్చుని, ఫోన్లో ఏదో చదువుకుంటూ నవ్వింది. గదిలోంచి చూస్తున్న భర్తకు గుండె దడదడలాడింది. ఆమె స్నానానికి వెళ్లగానే ఫోన్ తీశాడు. ఆఫీసు గ్రూపులో ఎవరో పెట్టిన పిల్లి వీడియో. హమ్మయ్య అనుకున్నాడు. పది నిమిషాలు గడిచాయో లేదో ఇంకో ప్రశ్న: ముందు మెసేజులు చెరిపేసిందేమో?

ఫోన్ చూడగానే దొరికిన ఊరట నిజమే. కానీ దాంతో మనసు నేర్చుకునేది ‘ఆమెను నమ్మొచ్చు’ అని కాదు, ‘చూస్తేనే నాకు నెమ్మది’ అని. అందుకే మళ్లీ గుబులు పుట్టగానే చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. కెనడాలోని గెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో 308 మంది విద్యార్థులపై చేసిన అధ్యయనంలో, ఫేస్‌బుక్‌లో ఎక్కువసేపు గడిపేవాళ్లలో ఈర్ష్య కూడా ఎక్కువగా కనిపించింది. ముందూ వెనకా తెలియని ఒక్క వ్యాఖ్య చాలు, అనుమానం రేగడానికి. ఆ అనుమానం మళ్లీ వెతికిస్తుంది. ‘నిజం చెప్పు, నేనంటే ఇష్టమేనా?’ అని పదేపదే అడగడం కూడా ఈ వెతుకులాటే.

చూడాలనిపించినప్పుడు గడియారం చూసుకుని ఇరవై నిమిషాలు ఆగాలి. దవడ బిగుసుకుంటుంది, కాలు నిలవదు. అయినా చాలాసార్లు ఆ ఉద్ధృతి దానంతటదే తగ్గుతుంది. ఈలోగా కాగితం మీద కళ్లతో చూసింది ఒకవైపు రాయాలి: ‘ఫోన్ చూసి నవ్వింది’. మనసు అల్లింది మరోవైపు: ‘ఎవరో ఉన్నారు’. దాని కింద అసలు బాధ: ‘నాతో అలా నవ్వి చాన్నాళ్లయింది’. ఇది మూడోది. మాట్లాడాల్సింది దీని గురించే.

మర్నాడు కోపం చల్లారాక ఇలా చెప్పొచ్చు: “రాత్రి నువ్వు నవ్వుతుంటే నాకు ఒంటరిగా అనిపించింది. భోజనాలయ్యాక అరగంట ఇద్దరం ఫోన్లు పక్కన పెట్టి కూర్చుందామా?”

“ఈ వారం పని ఎక్కువండీ, ఆదివారం కూర్చుందాం” అని ఆమె అంటే? అప్పుడు మొహం మాడ్చుకుంటే, మాట్లాడటం మానేస్తే, అతను అడిగింది కోరిక కాదు, ఆజ్ఞ. ‘వాడితో మాట్లాడకు’, ‘పాస్‌వర్డ్ చెప్పు’ అన్నవి ఎంత మెత్తగా అన్నా ఆజ్ఞలే.

అబద్ధం బయటపడితే మాత్రం సంగతి వేరు. దొంగచాటుగా వెతక్కుండా నేరుగా అడగాలి. జవాబు విన్నాక కలిసి ఉండాలా వద్దా అన్నది ఎవరి నిర్ణయం వాళ్లది.

ఎంత రుజువు చూపినా కరగని అనుమానం, రోజంతా అదే ధ్యాస, వెంబడించడం లాంటివి జబ్బు లక్షణాలు కావచ్చు. తాగుడు అలవాటున్నవాళ్లలో ఇది వైద్యులు తరచూ చూసేదే. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే సలహా దొరుకుతుంది. అనుమానం పేరుతో చెయ్యి చేసుకుంటున్నా, ఇల్లు కదలనివ్వకపోయినా ఆ ఇంటి ఆడవాళ్లు 181కి ఫోన్ చేయాలి. వీలైతే అతనికి తెలియని ఫోన్ నుంచి చేయడం మంచిది.