ఇల్లు కట్టేటప్పుడు కట్టే వడ్డీ

బ్యాంకు గృహరుణం మంజూరు చేసినా డబ్బంతా ఒక్కసారి చేతికివ్వదు. పునాది లేచాక కొంత, స్లాబు పడ్డాక కొంత ఇస్తుంది. ఇలా పని జరిగిన మేరకే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2013లో బ్యాంకులకు గట్టిగా చెప్పింది కూడా. ఇచ్చిన సొమ్ము మీద మాత్రం ఇల్లు పూర్తయ్యేదాకా నెలనెలా వడ్డీ కట్టాలి. దీన్నే ప్రీ ఈఎంఐ అంటారు. పేరులో ఈఎంఐ ఉన్నా ఇందులో అసలు పైసా తీరదు. తిరకాసంతా అక్కడే ఉంది.

ఒక లెక్క చూద్దాం. బెంగళూరు కృష్ణరాజపురంలో ఒక దంపతులు తమ స్థలంలో ఇల్లు కడుతున్నారనుకుందాం. అప్పు 40 లక్షలు, వడ్డీ ఏడాదికి 9 శాతం, అంటే లక్షకు నెలకు 750 రూపాయలు. మా బడిలో ఏడో తరగతి పిల్లలు చేసే బారువడ్డీ లెక్కే ఇది! పునాదికి 8 లక్షలు తీసుకున్నారు. మూడు నెలలు నెలకు 6,000 కట్టారు. గోడలకు మరో 8 లక్షలు తీసుకున్నాక ఇంకో మూడు నెలలు నెలకు 12,000. స్లాబు దశలో బాకీ 28 లక్షలకు చేరి నెలకు 21,000 అయింది. గిలాబు, తలుపుల దశకు 36 లక్షలు, నెలకు 27,000. ఇవీ మూడేసి నెలలే. ఏడాదిలో మొత్తం 1,98,000 రూపాయలు కట్టారు. బాకీ మాత్రం తీసుకున్న 36 లక్షలూ అలాగే ఉంది. చివరి 4 లక్షలు అందాక, ఇరవై ఏళ్ల గడువుకు నెలకు సుమారు 35,990 చొప్పున అసలు వాయిదా మొదలవుతుంది.

ఇప్పుడు మేస్త్రీ చివరి దశలో ఆరు నెలలు ఆలస్యం చేశాడనుకోండి. అదనంగా 1,62,000 వడ్డీ. పైగా ఆ ఆరు నెలలూ అద్దె ఇల్లు ఖాళీ చేయలేరు. అందుకే స్లాబుకు సెంట్రింగు సిద్ధం కాకముందే ఆ వాయిదా సొమ్ము అడిగి తెచ్చుకోవడం తెలివైన పని కాదు. 12 లక్షలు రెండు నెలలు ముందుగా తెస్తే 18,000 ఊరికే పోయినట్టే.

చేతిలో మిగులు ఉంటే, మొదటినుంచే పూర్తి వాయిదా కడతామని బ్యాంకును అడగవచ్చు. కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి. అప్పుడు 8 లక్షల దశలో 35,990 కడితే వడ్డీకి 6,000 పోగా, మిగిలిన 29,990 అసలులో తగ్గుతుంది. అద్దె కడుతున్నవారికి ఇది అందరికీ సాధ్యం కాదనుకోండి.

మరొక్క సంగతి. బ్యాంకు పంపే స్టేట్‌మెంటులో ప్రతి విడత సొమ్ము మీకో, బిల్డరుకో నిజంగా ఏ తేదీన చేరిందో చూసుకోండి. నెల 21న డబ్బు వస్తే ఆ నెలకు పది రోజుల వడ్డీయే, 8 లక్షలకు సుమారు 1,970 రూపాయలు. నెలంతటికీ 6,000 వేస్తే నిలదీయండి. మంజూరైన తేదీనుంచి గాక, సొమ్ము ఇచ్చిన తేదీనుంచే వడ్డీ లెక్కించాలని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. ఎక్కువ తీసుకుని ఉంటే తిరిగి ఇవ్వాలనీ చెప్పింది. ఆ తేదీ చూపించి రాతపూర్వకంగా అడగండి.